సవరణ: డెడ్‌వెయిట్ టెస్టర్‌కి ఊరు మారితే కరెక్షన్ కావాలి

"బరువుల మాస్ ఎక్కడైనా ఒకటే, కాబట్టి డెడ్‌వెయిట్ టెస్టర్‌ని ఏ ఊరు తీసుకెళ్లినా కరెక్షన్ అక్కర్లేదు." పిస్టన్ మీద బరువు బిళ్లలు పెట్టి, తెలిసిన ప్రెషర్ పుట్టించి గేజ్‌లని సరిచూసే ఈ పరికరం గురించి పోయిన పోస్టులో నేను రాసిన మాట ఇది.

ఇది తప్పు. మాస్ మారదు, నిజమే. కానీ పిస్టన్ కింద ఆయిల్‌కి ప్రెషర్ ఇచ్చేది మాస్ కాదు, ఆ మాస్ మీద పనిచేసే గురుత్వాకర్షణ. టెస్టర్ సర్టిఫికెట్ మళ్లీ చదివితే, బిళ్లల మీద చెక్కిన బార్ విలువలు గురుత్వ త్వరణం g 9.80665 m/s² ఉన్న చోటే వర్తిస్తాయని స్పష్టంగా ఉంది. హైదరాబాద్‌లో g సుమారు 9.783.

```
100 × 9.783 / 9.80665 = 99.76 bar
```

అంటే 100 బార్ బిళ్లలు పెట్టి పిస్టన్ తిప్పుతూ తేలించినా, నిజంగా వచ్చేది 99.76. ఆ రోజు నా 0.05 శాతం డిజిటల్ గేజ్ సరిగ్గా అదే చూపిస్తే, గేజే తక్కువ చూపిస్తోందని రాసేశాను. పాపం, దాని తప్పేం లేదు. మీ సర్టిఫికెట్ ఇప్పటికే మీ ఊరి g కి ఇచ్చి ఉంటే మాత్రం మళ్లీ గుణించకండి.

ఎత్తు సంగతి అసలు రాయలేదు. గేజ్ పిస్టన్ రిఫరెన్స్ గీతకంటే 30 సెంటీమీటర్లు పైన ఉంటే, ఆయిల్ కాలమ్ వల్ల గేజ్‌కి దాదాపు 0.025 బార్ తక్కువ అందుతుంది, కింద ఉంటే అంతే ఎక్కువ. 100 బార్ దగ్గర అది పెద్ద లెక్క కాదు. 2 బార్ దగ్గర మాత్రం ఒక శాతం దాటిపోతుంది.