యాప్ తీసేసినా ఆగని కోత

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే డబ్బు కట్ అవ్వడం కూడా ఆగిపోతుందని చాలామంది గట్టిగా నమ్ముతున్నారు. ఆగదు. డబ్బు తీసుకునే అనుమతి యాప్‌లో ఉండదు, మనం ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకున్న ఆటోపే మ్యాండేట్‌లో ఉంటుంది, దాన్ని విడిగా రద్దు చేసేదాకా ప్రతి నెలా అది తన పని తాను చేసుకుపోతుంది.

తిరుపతి కొర్లగుంటలో ఉండే మా బంధువు ఒకాయన బస్టాండ్ దగ్గర లాడ్జిలో పని చేస్తాడు, జీతం 22 వేలు. నెలాఖరుకి ఎందుకు చాలడం లేదో చూద్దామని ఆయన స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాం. స్పోకెన్ ఇంగ్లిష్ యాప్‌కి 299, సీరియళ్ల యాప్‌కి 99, పిల్లాడి గేమ్‌కి 149. మొత్తం నెలకి 547, అంటే ఏడాదికి 6,564 రూపాయలు. మొదటి రెండు యాప్‌లు ఫోన్‌లో లేనే లేవు, ఎప్పుడో తీసేశాడు. ఇంగ్లిష్ యాప్‌లో చేరినప్పుడు కట్టింది ఒక్క రూపాయే, ఏడు రోజుల ట్రయల్ అన్నారు. ఆ రూపాయికి పిన్ కొట్టిన స్క్రీన్ మీదే నెలనెలా ఎంతవరకు తీసుకోవచ్చో కూడా రాసి ఉంటుంది, కానీ కన్ను పడేది ఆ రూపాయి మీదే.

దీన్ని అజాగ్రత్త అనడం అన్యాయం. రిజర్వ్ బ్యాంక్ నియమం ప్రకారం ఇలాంటి చెల్లింపులకు 15 వేల లోపు అయితే ప్రతిసారీ పిన్ అడగరు, మొదట్లో ఒక్కసారి ఒప్పుకుంటే చాలు. డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటలకు మెసేజ్ రావాలి, వస్తుంది కూడా, కాకపోతే లోన్ ఆఫర్ల మధ్య, రీచార్జ్ గుర్తుచేసే మెసేజ్‌ల మధ్య అది ఎవరి కంట పడుతుంది? చేరడానికి పది సెకన్లు, మానుకోవడానికి నాలుగు మెనూల లోపలికి వెళ్లాలి. వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరులో నిషేధించిన 13 రకాల మోసపు డిజైన్లలో సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు కూడా ఉంది. అయినా రూపాయి ట్రయల్స్ కళ్లముందే నడుస్తున్నాయి, నాకు కోపం వచ్చేది ఇక్కడే.

వెతకడం మొదలుపెట్టాల్సింది ఫోన్‌లో కాదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో. పన్నెండు నెలలది కాదు, పదమూడు నెలలది తీయండి, ఏడాదికోసారి కట్ అయ్యేవి అప్పుడే రెండుసార్లు కనబడతాయి. దాన్ని ఎక్సెల్‌లో తెరిచి తేదీ వారీగా కాకుండా మొత్తం వారీగా పేర్చండి. 299లన్నీ ఒకచోట, 99లన్నీ ఒకచోట చేరతాయి. పేరు చూసి వెతికితే దొరకవు, ఎందుకంటే స్టేట్‌మెంట్‌లో చాలాసార్లు యాప్ పేరు బదులు దాని వెనకున్న కంపెనీ పేరో, పేమెంట్ గేట్‌వే పేరో ఉంటుంది. మా బంధువు సీరియళ్ల యాప్ అలాగే అన్ని నెలలు కనబడకుండా పోయింది.

తర్వాత మీరు వాడే ప్రతి యూపీఐ యాప్‌లోనూ ప్రొఫైల్‌లోకి వెళ్లి Autopay తెరవండి. ఏ యాప్‌లో ఒప్పుకున్నామో గుర్తుండదు కాబట్టి ఫోన్‌పే ఒక్కటి చూసి సరిపెట్టుకోవద్దు, గూగుల్ పే, పేటీఎం కూడా చూడాలి. ప్లే స్టోర్ ద్వారా కట్టేవి మాత్రం అక్కడి Payments & subscriptions లోనే రద్దు చేయాలి, అదీ ఏ జీమెయిల్‌తో కొన్నారో ఆ జీమెయిల్‌లోనే. పిల్లాడి గేమ్ మాకు ఎంత వెతికినా దొరకలేదు, చివరికి చూస్తే అది వాళ్ల అమ్మ ఐడీ మీద ఉంది.

ఊపులో అన్నీ రద్దు చేయకండి. అదే జాబితాలో బీమా ప్రీమియం, సిప్, లోన్ వాయిదా కూడా ఉండొచ్చు, వాయిదా మ్యాండేట్ ఆపేస్తే జరిమానా పడుతుంది. కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతకడం ఇంకా ప్రమాదం, రద్దు చేస్తామని నమ్మించి ఖాతా ఖాళీ చేసేవాళ్లు అక్కడే కాచుకుని ఉంటారు. రద్దు చేశాక కూడా కట్ అయితే స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని ముందు బ్యాంకుకి, తర్వాత 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేయాలి.

ఆ స్టేట్‌మెంట్లలో ఇంకొకటి కూడా బయటపడింది. ఆయనకి రెండు బ్యాంకుల్లో ఖాతాలున్నాయి, రెండింట్లోనూ జీవన్ జ్యోతి బీమా 436, సురక్షా బీమా 20 మే నెలాఖరులో కట్ అవుతున్నాయి. మంచి పథకాలే, ఒక ఖాతాలో రెండింటినీ తప్పకుండా ఉంచుకోవాలి. కానీ ఒక మనిషికి ఒక ఖాతా ద్వారానే కవరేజీ వర్తిస్తుంది, రెండుసార్లు కట్టినా జీవన్ జ్యోతిలో వచ్చేది 2 లక్షలే, రెండో ప్రీమియం వృథా. దీన్ని ఏ యూపీఐ యాప్‌లో వెతికినా లాభం లేదు. మే నెల మొదట్లోనే ఆ రెండో బ్యాంకు బ్రాంచికి వెళ్లి, ఆటో డెబిట్ ఆపమని రాసిచ్చి, రసీదు తీసుకోవాలి.