ప్రీమియంతో పోయేదా? ఎంసీఎక్స్ ఆప్షన్ల మీద తిరుగుతున్న మెసేజ్‌కి జవాబు

“ఎంసీఎక్స్‌లో క్రూడ్, గోల్డ్ ఆప్షన్లు షేర్ల ఆప్షన్ల లాంటివే. కాల్ కొని ఎక్స్‌పైరీ దాకా వదిలేయండి. లాభం వస్తే అకౌంట్లో పడుతుంది, నష్టం వస్తే ప్రీమియం మాత్రమే పోతుంది. టెన్షన్ లేదు.”

సరుకుల ఎక్స్చేంజ్ ఎంసీఎక్స్ గురించిన ఈ మెసేజ్ హైదరాబాద్ ట్రేడింగ్ గ్రూపుల్లో చేతులు మారుతూనే ఉంది.

ముందుగా “షేర్ల లాంటివే” అన్న మాట. షేర్ ఆప్షన్ వెనక ఉండేది షేరు. మన దేశంలో 2019 అక్టోబర్ నుంచి, స్టాక్ కాల్ ఆప్షన్ లాభంలో ముగిస్తే పూర్తి డబ్బు కట్టి షేర్లు తీసుకోవాల్సిందే. క్రూడ్ ఆప్షన్ వెనక ఉండేది చమురు కాదు, ఫలానా నెల ఫ్యూచర్స్ కాంట్రాక్టు. ఆప్షన్ గడువు ఆ ఫ్యూచర్స్ కంటే ముందే ముగుస్తుంది. ఎక్స్‌పైరీకి డబ్బు పడేది నిఫ్టీ ఆప్షన్లలో. మెసేజ్ రాసినవారు ఆ అలవాటునే ఇక్కడికి తెచ్చారని నా అనుమానం.

గోల్డ్‌లోనూ అంతే. సికింద్రాబాద్ పాట్ మార్కెట్లో ఇవాళ చెప్పే రేటు చూసి కాల్ లెక్క వేయకూడదు. చూడాల్సింది ఆ ఆప్షన్‌కి ముడిపడ్డ నెల ఫ్యూచర్స్ ధర.

అసలు ప్రమాదం “ప్రీమియం మాత్రమే” అన్న దగ్గర ఉంది. ఒక ఊహా లెక్క చూద్దాం. క్రూడ్ లాట్ 100 బ్యారెళ్లు. 6,000 స్ట్రైక్ కాల్‌ను, అంటే 6,000 ధరకు ఫ్యూచర్స్ కొనే హక్కును, బ్యారెల్‌కు 150 రూపాయల ప్రీమియంతో కొన్నారు, మొత్తం 15,000 కట్టారు. ఎక్స్‌పైరీ రోజు ఫ్యూచర్స్ 5,900 దగ్గర ముగిస్తే మెసేజ్ చెప్పింది నిజమే, 15,000తో కథ అయిపోతుంది. కానీ 6,080 దగ్గర ముగిసిందనుకోండి. కాల్ ఎక్సర్‌సైజ్ అయితే అది 6,000 ధరకు కొన్న ఫ్యూచర్స్ పొజిషన్‌గా మారుతుంది. దీన్నే డెవాల్వ్‌మెంట్ అంటారు. 80 రూపాయల తేడాకు 8,000 జమ అవుతుంది, బాగానే ఉంటుంది. అయితే ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఆరు లక్షల పైచిలుకు విలువైన పొజిషన్. దానికి మార్జిన్, అంటే హామీగా ఉంచే డబ్బు, కావాలి, నష్టానికి అడ్డుగోడ లేదు. మర్నాడు ధర 5,850కి పడి అక్కడ అమ్మితే, జమైన 8,000 తీసేశాక కూడా ఫ్యూచర్స్‌లో 15,000 పోయినట్టు. ప్రీమియంతో కలిపి 30,000.

పడిపోవడానికి హద్దు సున్నా కూడా కాదు. 2020 ఏప్రిల్‌లో ఎంసీఎక్స్ క్రూడ్ ఫ్యూచర్స్ బ్యారెల్‌కు మైనస్ 2,884 రూపాయల దగ్గర సెటిల్ అయ్యాయి.

ఎక్స్‌పైరీ దగ్గరపడ్డప్పుడు మీ బ్రోకర్ డెవాల్వ్‌మెంట్ మార్జిన్ అడుగుతూ మెసేజ్ పంపితే, దాన్ని స్పామ్ అనుకోవద్దు. డబ్బు లేకపోతే వాళ్లే పొజిషన్ కోసేయవచ్చు, మీకు నచ్చిన ధరకు కాదు.

మార్జిన్ పెట్టే ఉద్దేశం లేనివారు ఎక్స్‌పైరీకి ముందే ఆప్షన్‌ను అమ్మేయాలి. లోతుగా లాభంలో ఉన్న స్ట్రైకుల్లో కొనేవాళ్లు తక్కువ, కాబట్టి సరైన రేటు రాకపోవచ్చు. అప్పుడు మార్జిన్ ఉంటే అదే నెల ఫ్యూచర్స్ ఒక లాట్ అమ్మి పెట్టుకోవచ్చు. ఎక్స్‌పైరీకి కాల్ నుంచి వచ్చే కొనుగోలు పొజిషన్, ఈ అమ్మకం ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి.