నా రూమ్మేట్ స్టేటస్ పెట్టింది, చూశారా?

"డబ్బే లోకంగా బతికే మనుషుల మధ్య ఉండటం ఎంత కష్టమో." కింద ఒక వాడిన గులాబీ. ఇది ఇప్పుడే, నేను అన్నం తింటుండగా పెట్టింది. ఆ కంచం కూడా నేనే తోముకోవాలి లెండి.

ఇంతకీ నేను చేసిన పాపం ఏంటంటే, మెసేజ్ పెట్టడం. అదీ గ్రూపులో కాదు, పర్సనల్‌గా. "కోపంగా ఉన్నప్పుడు పెట్టకు, నెమ్మదిగా, విషయం మాత్రం రాయి" అని అందరూ చెప్తారు కదా, అలాగే రాశాను. మీరే చదవండి:

"శనివారం రాత్రి నువ్వు పప్పు పెట్టిన కుక్కరు, రెండు కంచాలు, కాఫీ గిన్నె సోమవారం పొద్దుటిదాకా సింకులోనే ఉన్నాయి. బాక్సుకి కుక్కరు కావాల్సొచ్చి నేనే తోమాను. ఇకనుంచి ఎవరు వండిన గిన్నెలు వాళ్లు ఆ రాత్రే తోమేద్దాం. ఓపిక లేని రోజు మెతుకులు తీసేసి, నీళ్లు పోసి పెట్టు, పొద్దున తోముకోవచ్చు. కరెంటు బిల్లు 3,240 వచ్చింది, ముగ్గురికీ తలా 1,080. వైఫై 900లో నీ వాటా 300. మొత్తం 1,380. రెండూ నేను కట్టేశాను, బిల్లుల ఫొటోలు కింద ఉన్నాయి. శుక్రవారం రాత్రిలోపు వేసెయ్. కుదరకపోతే ఏ రోజు వేస్తావో చెప్పు, చాలు."

ఇందులో తిట్టు ఎక్కడుందో చూపించండి. "నువ్వెప్పుడూ ఇంతే" అని మొదట రాసి, తీసేశాను. "ఎప్పుడూ" అన్నామా, అయిపోయాం. మొన్న ఉగాదికి గరిటె కడిగాను అక్కా అంటుంది, ఇక సాయంత్రమంతా ఆ గరిటె మీదే చర్చ. "కొంచెం డబ్బులు రావాలి" అనీ రాయలేదు. కొంచెం అంటే ఆవిడకి కొంచెమే గుర్తుంటుంది. ఎంతో, దేనికో, ఏ రోజులోపో రాస్తే తప్పించుకోడానికి సందు ఉండదనుకున్నా. సందు లేకపోతే గులాబీ ఉంటుందని నాకేం తెలుసు?

ఆ కుక్కరు సంగతి చెప్పాలి. ఎండిపోయిన పప్పు గిన్నెకి పట్టిందంటే సరే, గీకుతాం. మూత మీద విజిల్ కూర్చునే సన్నటి గొట్టం ఉంటుంది చూడండి, అందులోకి పోయి గట్టిపడింది. వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తే అవతలిది కనిపించాలి, కనిపించలేదు. అలాగే పొయ్యి మీద పెడితే ఆవిరి ఎటు పోతుంది? సేఫ్టీ వాల్వు కరిగి, పప్పంతా సీలింగుకి కొడుతుంది. వేడినీళ్లలో నానబెట్టి, పిన్నీసుతో పొడిచి శుభ్రం చేశాను. ఆఫీసుకి లేటు. ఇదంతా మెసేజ్‌లో రాశానా? లేదు. శాంతమూర్తిని కదా.

ఏసీ గురించి కూడా రాయలేదు. గది తలుపు బార్లా తెరిచి, ఏసీ వేసుకుని, దుప్పటి కప్పుకుని రీల్స్ చూసే మనిషి ఆవిడ. మన తెలంగాణలో నెలకి 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది, 300 దాటాక ఆ పై యూనిట్లకి 9 రూపాయలు. అంటే ఆవిడ దుప్పటి ఖర్చు మా ఇద్దరి మీద కూడా పడుతోంది. అయినా సమానంగా మూడు భాగాలే చేశాను. ఏసీ లేని నా గదిలో చెమటలు తుడుచుకుంటూ చేశాను ఆ లెక్క.

గడువు దాటితే ఆవిడకేం? మీటరు ఓనర్ పేరు మీద, అగ్రిమెంటు నా పేరు మీద. ఫ్యూజు పీకడానికి మనిషొస్తే ఓనరాంటీ ఫోన్ చేసేది నాకే. "ఏంటమ్మా, నువ్వైనా చూసుకోవా?" నువ్వైనా అట! ఆ మాట నాకు చిన్నప్పటినుంచీ అలవాటే. మా ఇంట్లో అన్నయ్య తిన్న కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచిపోయేవాడు. నేను ఒక్క రోజు అలా వదిలేస్తే "ఆడపిల్లవి, నువ్వైనా తియ్యవా" అనేది అమ్మ. వాడికిప్పుడు పెళ్లయింది, కంచం వదిన తీస్తోంది. మొన్న పండక్కి వెళ్తే వాడిది కూడా నా చేతికే ఇచ్చారు, "వదిన పాపని పడుకోబెడుతోందే" అని. వాడేం చేస్తున్నాడయ్యా అంటే, క్రికెట్ చూస్తున్నాడు. దేశసేవ.

అందుకే ఈ పిల్ల "మా ఇంట్లో నేనెప్పుడూ గిన్నె ముట్టలేదక్కా" అని మురిపెంగా చెప్పినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ముట్టలేదు సరే, మీ ఇంట్లో ఎవరో ముట్టారుగా? ఇక్కడ ఆ ఎవరో నేనా? అక్కా అని పిలిస్తే అంట్లు తోమాలా?

ఇంతకీ నా మెసేజ్‌కి జవాబు వచ్చిందనుకుంటున్నారా? నీలం టిక్కులు వచ్చాయి. స్టేటస్ వచ్చింది. దాని కింద ఇంకెవరో "స్ట్రాంగ్‌గా ఉండు బంగారం" అన్నారని స్క్రీన్‌షాట్ కూడా వచ్చింది. 1,380 మాత్రం రాలేదు. శుక్రవారం ఇంకా అవ్వలేదు కాబట్టి ఏమీ అనను. శనివారం పొద్దున ఇదే మెసేజ్, ఒక్క అక్షరం మార్చకుండా, గ్రూపులో పెడతా. కుక్కరు నా గదిలో పెట్టేసుకున్నా.