గెజిట్ నుంచి గల్లా పెట్టె దాకా

పన్ను రేట్లు మారిన ప్రతిసారీ పేపర్లో, టీవీలో ముందుగా వచ్చేది 'సబ్బులు, షాంపూలు చౌక' అన్న కబురు. ఇంట్లో సరుకుల చీటీ రాసుకునేవాళ్లకు ఆ మాత్రం చాలు. కౌంటర్లో కూర్చుని బిల్లు కొట్టే మనిషికి చాలదు. ఏ సబ్బుకు తగ్గింది, ఏ తేదీ నుంచి తగ్గింది, పాత రేటుకు అమ్మిన సరుకు వెనక్కి వస్తే ఏం చేయాలి అన్నది తెలియకుండా కొట్టిన బిల్లుకు నోటీసు వచ్చేది యజమాని పేరు మీద. అందుకే గెజిట్‌ను సిబ్బందికి అర్థమయ్యేలా ఒక్క కాగితంలోకి తేవడం తీరిక ఉంటే చేసుకునే పని కాదని, దుకాణం తెరిచే లోపు పూర్తి కావాల్సిన పని అని మేము భావిస్తున్నాం.

గత ఏడాది అనుభవాన్నే తీసుకుందాం. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం 12, 28 శాతం శ్లాబులను దాదాపుగా ఎత్తేసి, ఎక్కువ సరుకులను 5, 18 శాతాల్లోకి, కొన్నింటిని 40 శాతంలోకి మార్చాలని నిర్ణయించింది. దానికి చట్టరూపం ఇచ్చిన 9/2025 సెంట్రల్ ట్యాక్స్ (రేట్) నోటిఫికేషన్ సెప్టెంబరు 17న వెలువడింది. అమలు 22 నుంచి. మధ్యలో మిగిలింది నాలుగు రోజులు. ఆ నాలుగు రోజుల్లో చాలామంది వ్యాపారులు చేసిన పని, వాట్సాప్‌లో వచ్చిన ఏదో ఒక పట్టికను సిబ్బందికి ఫార్వర్డ్ చేయడం.

అసలు చిక్కు ఆ నోటిఫికేషన్ రాసిన తీరులోనే ఉంది. సవరణ నోటిఫికేషన్లు సాధారణంగా 'ఫలానా షెడ్యూలులో ఫలానా క్రమసంఖ్య తొలగించడమైనది, ఫలానా పదాల బదులు ఈ పదాలు చేర్చడమైనది' అన్న ధోరణిలో ఉంటాయి. పాత కాగితం పక్కన పెట్టుకుంటే తప్ప అవి అర్థం కావు. 9/2025 అలాంటిది కూడా కాదు. అది 2017 జూన్ 28 నాటి 1/2017 నోటిఫికేషన్‌ను పూర్తిగా పక్కకు తప్పించి, మారిన సరుకులతోపాటు మారని వాటినీ కలిపి మొత్తం జాబితాను మళ్లీ అచ్చు వేసింది. ఏది మారిందో అందులో ఎక్కడా రాయలేదు. పాత రేటు ఎంతో కూడా ఉండదు. మొదటి పేజీ నుంచి చివరిదాకా శ్రద్ధగా చదివినవాళ్లకు కూడా తమ దుకాణంలో ఏం మారిందో తెలియదు.

కాబట్టి సారాంశం రాయడం గెజిట్ దగ్గర మొదలుపెట్టకూడదు. మన స్టాకు లిస్టు దగ్గర మొదలుపెట్టాలి. బిల్లింగ్ కంప్యూటర్ నుంచి సరుకు పేరు, పన్ను కోసం సరుకును గుర్తించే హెచ్‌ఎస్‌ఎన్ కోడ్, ఇప్పుడు వేస్తున్న రేటు ఉన్న జాబితా తీసుకుని, ఒక్కో సరుకునూ పట్టుకుని గెజిట్‌లోకి వెళ్లాలి. వందల వరుసల గెజిట్‌లో ఒక కిరాణా, ఫ్యాన్సీ హోల్‌సేల్ దుకాణానికి పనికొచ్చేవి కొద్ది వరుసలే. మిగతావి సిబ్బంది కంటపడాల్సిన అవసరమే లేదు.

అలా వెతికేటప్పుడు కోడ్ కలిసింది కదా అని ఆగిపోతే మునుగుతాం. సబ్బులకు హెడింగ్, అంటే కోడ్‌లో మొదటి నాలుగు అంకెలు, 3401. ఆ ఒక్క హెడింగ్ రేటువారీ జాబితాలైన షెడ్యూళ్లలో రెండింట్లో ఉంది. 5 శాతంలోకి వచ్చింది బిళ్లల రూపంలో ఉండే ఒంటి సబ్బు. చేతులు కడుక్కునే లిక్విడ్ 18లోనే ఉండిపోయింది. 3306 కూడా అంతే. టూత్‌పేస్టు 5 శాతం, పక్కనే అమ్మే మౌత్‌వాష్ 18 శాతం. గెజిట్ పట్టికలో మూడో గడి వివరణ. అందులో 'బిళ్లల రూపంలో', 'ముందే ప్యాక్ చేసి లేబుల్ వేసిన' లాంటి మాటలు రేటునే మార్చేస్తాయి. కాగితం చిన్నది కావాలని వాటిని కొట్టేస్తే సారాంశం తప్పవుతుంది. బియ్యం వ్యాపారులకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో 26 కేజీల బస్తా ఎందుకు పుట్టిందో, 25 కేజీల వరకు ఉన్న ప్యాకెట్‌కు పన్ను ఎందుకు పడుతుందో వాళ్లకు కంఠతా వచ్చు.

ఇంకో ప్రమాదం, సరుకు అసలు కనిపించకపోవడం. పిల్లల నోటుపుస్తకాల కోసం 9/2025 మొత్తం గాలించినా పన్ను పడే జాబితాలో దొరకవు. అవి 12 శాతం నుంచి సున్నాకు వచ్చాయి. సున్నా సరుకుల జాబితా 10/2025 అనే వేరే నోటిఫికేషన్‌లో ఉంటుంది. అదే 4820 హెడింగ్ కింద వచ్చే లెక్కల పుస్తకాలు, రిజిస్టర్లు మాత్రం 18 శాతంలో ఉన్నాయి. ఒకే ర్యాకులో పక్కపక్కన ఉండే రెండు పుస్తకాలకు రెండు రేట్లు. ఇలాంటివే సిబ్బంది కాగితంలో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

రేటు అంకె దగ్గరా జాగ్రత్త కావాలి. కేంద్ర నోటిఫికేషన్‌లో ఒంటి సబ్బు ఉన్న షెడ్యూలు తలమీద రాసి ఉండేది 2.5 శాతం. అది కేంద్రం వాటా మాత్రమే. మిగతా 2.5 శాతం రాష్ట్రం తన జీఓ ద్వారా వేస్తుంది. అలాగే 18 శాతం అక్కడ 9గా, 40 శాతం 20గా కనబడుతుంది. వాటాను మొత్తం రేటు అనుకుని బిల్లింగ్‌లో ఎక్కిస్తే దుకాణం సగం పన్నే వసూలు చేసి మిగతా సగం సొంత జేబులోంచి కట్టుకోవాలి. సిబ్బందికిచ్చే కాగితంలో మొత్తం రేటే రాయాలి. విడగొట్టే పని సాఫ్ట్‌వేర్‌కు వదిలేయాలి.

ధర తగ్గించడంలో జరిగే పొరపాటు దీనికంటే ఎక్కువ. 18 నుంచి 5కు వచ్చింది కాబట్టి ఎమ్మార్పీ మీద 13 శాతం తగ్గించమని కౌంటర్లో చెప్పేస్తారు. లెక్క అలా కుదరదు. పన్నుతో కలిపి 236 రూపాయలున్న షాంపూ సీసా తీసుకోండి. అందులో అసలు ధర 200, పన్ను 36. కొత్త పన్ను 10 రూపాయలు. కొత్త ధర 210. అదే 236 మీద 13 శాతం కొట్టేస్తే 205 రూపాయల 32 పైసలు వస్తుంది. సీసాకు దాదాపు అయిదు రూపాయలు నష్టం. పాత ధరను 105తో గుణించి 118తో భాగించాలి. 12 శాతం నుంచి 5కు వచ్చిన నెయ్యి లాంటి వాటికి 112తో భాగించాలి. కంపెనీ పంపే సవరించిన ధరల పట్టికే ప్రమాణం. ఈ లెక్క దాన్ని సరిచూసుకోవడానికి.

తేదీల సంగతికి వస్తే సిబ్బందికి చట్టంలోని 14వ సెక్షన్ చదివి వినిపించాల్సిన పనిలేదు. వాళ్లకు ఎదురయ్యే సందర్భాలు చెబితే సరిపోతుంది. కంపెనీ సెప్టెంబరు 20న 18 శాతంతో ఇన్‌వాయిస్ వేసి బండి ఎక్కించిన సరుకు 23న గోడౌన్‌కు వచ్చిందనుకుందాం. ఆ ఇన్‌వాయిస్ సరైనదే. రేటు తప్పని బండిని వెనక్కి పంపకూడదు. దించుకున్న ఆ సరుకునే మర్నాడు 5 శాతానికి అమ్మాలి, ఎందుకంటే అమ్మకం 22 తర్వాత జరిగింది. 'పద్దెనిమిది కట్టి కొన్నాం, అయిదుకు ఎలా అమ్ముతాం' అని గుమస్తాలకు టెన్షన్ సహజం. కట్టిన ఆ పద్దెనిమిది క్రెడిట్ లెడ్జర్‌లో ఉంటుందని, మరో సరుకు మీద పన్ను కట్టేటప్పుడు వాడుకోవచ్చని ఒక్క వాక్యం రాస్తే ఆ టెన్షన్ పోతుంది. నోటుపుస్తకాల్లా సున్నాకు వెళ్లిన సరుకు సంగతి వేరు. 22 నాటికి మిగిలిన స్టాకు మీద తీసుకున్న క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వాలి. ఇది అకౌంట్స్ చూసేవాళ్ల కాగితంలోకి వెళ్లాలి, కౌంటర్ కాగితంలోకి కాదు.

రిటర్నులు మరీ ముఖ్యం. సెప్టెంబరు 15న ఊళ్లోని చిల్లర దుకాణానికి 18 శాతంతో వేసిన షాంపూ పెట్టె 25న వెనక్కి వస్తే, క్రెడిట్ నోట్ 18 శాతంతోనే వేయాలి. కంప్యూటర్లో రేటు మార్చేశాం కాబట్టి అది తనంతట తానే 5 చూపించవచ్చు. అప్పుడు చిల్లర వ్యాపారికి తిరిగి రావాల్సిన డబ్బు తగ్గుతుంది. లైన్‌కు వెళ్లే సేల్స్‌మన్ మీదే ఆ గొడవంతా పడుతుంది. అందుకే పాత బిల్లు నంబరు లేకుండా రిటర్న్ తీసుకోవద్దన్న మాట అతని కాగితంలో మొదటి వరుసలో ఉండాలి.

ఇంతకీ ఆ కాగితం ఎలా ఉంటుంది? పైన నోటిఫికేషన్ నంబరు, అమలు తేదీ, తయారుచేసిన తేదీ, సరిచూసిన ఆడిటర్ సంతకం. కింద సరుకు పేరు దుకాణంలో పిలిచే పేరుతోనే, పాత రేటు, కొత్త రేటు. ఆ కిందే మారనివి: డిటర్జెంట్ పౌడరు, హ్యాండ్‌వాష్, మౌత్‌వాష్, అన్నీ 18. తగ్గిందని విని వచ్చిన కొనుగోలుదారు గట్టిగా అడిగేది వీటి గురించే కనుక, మారని జాబితా లేని సారాంశం కౌంటర్లో అక్కరకు రాదు. తేలని సరుకు ఉంటే ఊహించి రాయకుండా, 'ఆడిటర్ గారు చెప్పేదాకా బిల్లు ఆపాలి' అని రాయడమే మంచిది. కాగితం పంచే ముందు అందులోని నాలుగైదు సరుకులకు నమూనా బిల్లులు కొట్టి చూస్తే, రాసినదానికీ కంప్యూటర్ వేసేదానికీ తేడా అక్కడే బయటపడుతుంది.

కాగితానికి గడువు కూడా ఉంటుంది. సెప్టెంబరులో సిగరెట్ల రేటు మారలేదు. కౌన్సిల్ వాటిని పాత 28 శాతంలోనే ఉంచింది. 2026 ఫిబ్రవరి 1 నుంచి అవి 40 శాతంలోకి వెళ్లాయి. గోడకు అంటించిన సెప్టెంబరు కాగితాన్నే చూసి ఫిబ్రవరిలో బిల్లు కొట్టిన దుకాణంలో ప్రతి సిగరెట్ బిల్లూ తప్పే. కొత్త నోటిఫికేషన్ గానీ, తప్పొప్పుల పట్టిక గానీ వచ్చినప్పుడు పాత కాగితాన్ని చింపి కొత్తది పెట్టే బాధ్యత పేరు పెట్టి ఒకరికి అప్పగించాలి.

ఇదంతా ఒక్కో వ్యాపారి విడివిడిగా చేసుకోవాల్సి రావడం న్యాయం కాదు. కేంద్ర గెజిట్ హిందీ, ఇంగ్లిష్‌లలో వస్తుంది. కౌంటర్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది చదివేది తెలుగు. ఆడిటర్‌ను పెట్టుకోగల హోల్‌సేల్ వ్యాపారి ఎలాగో నెట్టుకొస్తాడు. మండల కేంద్రంలోని చిన్న దుకాణదారుకు ఆ దారి కూడా లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వాణిజ్య పన్నుల శాఖలు తమ రాష్ట్ర జీఓ వెలువడిన రోజే, పాత రేటు, కొత్త రేటు, మారని సరుకులు మూడూ కనిపించేలా తెలుగులో పట్టిక విడుదల చేయాలి. ఆ పట్టిక కింద తేదీ, అధికారి హోదా ఉండాలి. దాన్ని నమ్మి బిల్లు కొట్టిన చిన్న వ్యాపారి మీద, పట్టికలోనే తప్పు దొర్లిన సందర్భంలో, జరిమానా వేయబోమని కూడా అందులోనే రాయాలి.