నాస్‌కి యూపీఎస్: ఆ మెసేజీలో సగం నిజం ఒకటి, తప్పులు రెండు

“ఫోటోగ్రాఫర్లకి, స్టూడియోల వాళ్లకి గమనిక. నాస్‌కి వేరే యూపీఎస్ దండగ. ఇన్వర్టర్ ఉంటే అదే చాలు. మరీ భయమైతే 600 వీఏది కొనుక్కోండి. నాస్ తినేది 60 వాట్లు, 600ని 60తో భాగించండి, పది గంటలు ఢోకా లేదు. యూఎస్‌బీ వైరు కూడా అక్కర్లేదు, బ్యాటరీ అయిపోయే టైముకి నాస్ తనంతట తనే ఆగిపోతుంది. అందరికీ షేర్ చేయండి.”

పర్లాకిమిడిలో కంప్యూటర్లు బాగుచేసే పని నాది. ఇటు కాశీనగర్, అటు పాతపట్నం స్టూడియోల వాళ్లు ఫోటోలు, వీడియోలు దాచుకునే నాస్‌లు కూడా నేనే చూస్తుంటాను. ఈ నెలలో ఈ మెసేజీ నాకు మూడుసార్లు వచ్చింది. అందులో రెండుసార్లు “ఇది నిజమేనా?” అని కాదు, “మరి మా చేత ఎందుకు అంత ఖర్చు పెట్టించావు?” అన్న ప్రశ్నతో.

ముందు ఆ భాగహారం. 600 వీఏ అనేది యూపీఎస్ ఒక్కసారిగా ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె. ఎంతసేపు మోస్తుందో అందులో లేదు. కుళాయి గొట్టం లావు చూసి డాబా మీద ట్యాంకులో నీళ్లెన్నో లెక్క కట్టినట్టుంది ఇది. పైగా ఆ మోసే బరువు కూడా 600 వాట్లు కాదు. మన బజార్లో దొరికే 600 వీఏ పెట్టెల్లో చాలావాటి మీద చిన్న అక్షరాల్లో 360 వాట్లని ఉంటుంది.

ఎంతసేపు అన్నది లోపలి బ్యాటరీ చెబుతుంది. మూత విప్పితే మామూలుగా 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటే ఉంటుంది. 12 ఏడ్ల 84 వాట్-అవర్లు. అదీ మొత్తం చేతికి రాదు. ఆ 7 ఏహెచ్ అనేది 20 గంటల పాటు నిదానంగా వాడితే వచ్చే లెక్క. మనం గంటలోపే ఖాళీ చేసేస్తున్నాం కాబట్టి అరవై శాతం వస్తే గొప్ప. అందులో పావు వంతు డీసీని ఏసీగా మార్చడంలో వేడిగా పోతుంది. 84లో అరవై శాతం, అందులో ముప్పావు వంతు: 38 వాట్-అవర్లు. 60 వాట్ల లోడుకి 38 నిమిషాలు. అదీ కొత్త బ్యాటరీ అయితే. రేకుల కప్పు కింద రెండు వేసవులు గడిపిన బ్యాటరీ అందులో సగం ఇచ్చినా నేను సంతోషిస్తాను. ఇలాంటి సీల్డ్ బ్యాటరీలకి 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకీ ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది.

నా లెక్క నమ్మకపోతే చూసుకోవడం తేలికే. నాస్ తీసేసి, పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి యూపీఎస్‌కి పెట్టండి. బోర్డు మీద స్విచ్ ఆపండి. ప్లగ్గు మాత్రం పీకొద్దు, పీకితే ఎర్తు కూడా ఊడిపోతుంది. ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కండి. ఆగి ఆగి వచ్చే బీప్ గబగబా కొట్టుకోవడం మొదలైందంటే ఆట ముగింపుకొచ్చినట్టే, అక్కడ స్విచ్ వేసేయండి. పూర్తిగా పిండితే బ్యాటరీకి మంచిది కాదు. ఏడాదికి ఒకసారి చేస్తే సరిపోతుంది.

ఇన్వర్టర్ మాటలో సగం నిజం ఉంది, ఒప్పుకోవాలి. వెనక చిన్న స్విచ్ ఉంటుంది చూడండి, అది యూపీఎస్ మోడ్‌లో ఉంటే చాలా ఇన్వర్టర్లు పది ఇరవై మిల్లీసెకన్లలో బ్యాటరీ మీదకి మారిపోతాయి. నాస్ అడాప్టరు సాధారణంగా అంతసేపు ఓర్చుకుంటుంది. ఇంకో మోడ్‌లో ఉంటే ఫ్యాను ఆగదు గానీ నాస్ రీస్టార్టు అవ్వొచ్చు. కాబట్టి మా వీధిలో ఒకరు “కరెంటు పోయింది” అనీ, పక్కింటివాళ్లు ఒడియాలో “లైన్ గొలా” అనీ అరిచే ఆ మామూలు అరగంట కోతకి ఇన్వర్టర్ పనికొస్తుంది.

పనికిరానిది దాని చివరి నిమిషం. ఇన్వర్టర్‌కి నోరు లేదు. తన బ్యాటరీ అడుగంటిందని నాస్‌కి చెప్పే దారే లేదు. నా సొంత నాస్‌కే జరిగింది ఇది. గాలివాన రాత్రి, ఫ్యాన్లు, లైట్లు, నాస్ అన్నీ ఒకే ఇన్వర్టర్ మీద. తెల్లవారుజామున ఉక్కకి మెలకువ వచ్చింది. ఫ్యాను ఆగింది అనుకున్నానే తప్ప, దాంతో పాటే నాస్ కూడా పోయిందన్న ఆలోచన తెల్లారేదాకా రాలేదు. ఆ సమయానికి ఒక పెళ్లి వీడియో కాపీ అవుతోంది. రెయిడ్ 5లో ఒక డిస్కు మీద డేటా రాసి, ఇంకో డిస్కు మీద దాని పారిటీ రాసేలోపు కరెంటు పోతే ఆ రెండూ ఒకదానికొకటి పొసగవు. మర్నాడంతా నాలుగు డిస్కులూ గరగరలాడుతూ సరిచూసుకుంటూనే ఉన్నాయి. ఫైల్ సిస్టం జర్నల్ పుణ్యమా అని ఫోల్డర్లు దక్కాయి గానీ, ఆ వీడియో ఫైలు మాత్రం తెరుచుకోలేదు. కెమెరా కార్డు ఇంకా చెరపలేదు కాబట్టి బతికిపోయాను.

అంటే ఇన్వర్టర్ తీసేయాలా? అక్కర్లేదు. ఇన్వర్టర్ ప్లగ్గులో చిన్న యూపీఎస్, యూపీఎస్‌లో నాస్. ఇన్వర్టర్ ఉన్నంతసేపూ యూపీఎస్‌కి అది మామూలు కరెంటే. ఇన్వర్టర్ చచ్చిన క్షణాన యూపీఎస్ బ్యాటరీ మీదకి వెళ్లి నాస్‌కి చెబుతుంది. ఒక్క షరతు: ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది కావాలి. పాత స్క్వేర్ వేవ్‌ది అయితే కొన్ని యూపీఎస్‌లు దాన్ని కరెంటుగానే ఒప్పుకోవు, ఇన్వర్టర్ నడుస్తున్నా తమ బ్యాటరీనే ఖర్చు చేసేస్తాయి.

ఇక నాస్ తనంతట తనే ఆగడం. బ్యాటరీ ఎంతుందో దానికెలా తెలుస్తుంది? అది చూసేది తన ప్లగ్గునే. అటు నుంచి కరెంటు వస్తున్నంతసేపూ దాని దృష్టిలో లోకం చల్లగా ఉన్నట్టే. కబురు మోసేది ఆ యూఎస్‌బీ వైరొక్కటే. కొనేటప్పుడు చూడాల్సిందీ అదే. చవక 600 వీఏ పెట్టెల్లో చాలావాటికి ఆ పోర్టే ఉండదు. కొన్నింటికి ఉంటుంది గానీ అది ఫోను ఛార్జింగు కోసం పెట్టింది. షాపులో “డేటా వస్తుందా?” అని గట్టిగా అడగండి.

కాశీనగర్ స్టూడియో లెక్క చెబుతాను. నాలుగు డిస్కుల నాస్, మా వాళ్లు లైనక్స్ వేసుకున్న పెట్టె. వాట్ మీటరు పెట్టి చూస్తే పనిలో 50 వాట్లు, రౌటరూ ఫైబర్ డబ్బా కలిపి ఇంకో 15. మొత్తం 65. డిస్కులు తిరగడం మొదలుపెట్టే మొదటి కొన్ని సెకన్లు ఇది రెట్టింపు దాటుతుంది, అయినా 360కి చాలా కింద. ఎడిటింగ్ కంప్యూటరు దీనికి తగిలించలేదు.

తర్వాత, అందరూ వదిలేసే కొలత. నాస్ నిండుగా పనిలో ఉండగా షట్‌డౌన్ నొక్కి, లైట్లు ఆరేదాకా గడియారం చూశాం. నాలుగు నిమిషాలు.

“నాలుగు నిమిషాలకేటి బాబూ, చిన్నదే సరిపోద్ది కదా?” అన్నారు స్టూడియో మాస్టారు.

“ఆగడానికి నాలుగు మాస్టారూ. కరెంటు వెంటనే వచ్చేస్తుందేమోనని చూడ్డానికి ఇంకో అయిదు. తొమ్మిది. బ్యాటరీ ముసలిదయ్యాక సగమే ఇస్తుంది కాబట్టి కొత్తప్పుడు పద్దెనిమిది కావాలి.”

65 వాట్లకి కొత్త 600 వీఏది 35 నిమిషాలు ఇస్తుంది. అంటే డేటా పోర్టున్న 600 వీఏదే చాలు, మాస్టారి మాటే నెగ్గింది. పది గంటలు మోసే పెట్టె కోసం వెతకడం అసలు ప్రశ్నే కాదు. ఎక్కువసేపు నడవాలంటే ఇన్వర్టర్ ఉంది.

వైరు పెట్టి, నాస్‌లో nut ప్యాకేజీ వేసి, nut.conf లో MODE=standalone అనీ, ups.conf లో యూపీఎస్ పేరు ups అనీ రాశాక మొదట చూడాల్సింది యూపీఎస్ మాట్లాడుతోందా అని:

```
upsc ups@localhost
```

వచ్చిన వరసల్లో `ups.status: OL` అంటే కరెంటు మీద ఉంది. స్విచ్ ఆపితే అది `OB` కావాలి. బ్యాటరీ అడుగుకి చేరితే పక్కన `LB` చేరుతుంది. `OB`, `LB` రెండూ కలిసి కనబడినప్పుడే షట్‌డౌన్ మొదలవుతుంది, మనం ఏమీ మార్చకపోతే. చిక్కంతా అక్కడే. చాలా యూపీఎస్‌లు `LB` అనేది రెండు మూడు నిమిషాలు మిగిలినప్పుడు. మనకి కావాల్సింది నాలుగు. ముసలి బ్యాటరీ అయితే యాభై శాతం చూపిస్తూనే ఒక్కసారిగా కూలబడుతుంది. అందుకని ups.conf లో ఆ హద్దు పైకి జరిపాం:

```
[ups]
  driver = usbhid-ups
  port = auto
  ignorelb
  override.battery.charge.low = 70
  offdelay = 60
  ondelay = 120
```

యూపీఎస్ చెప్పే `LB`ని పట్టించుకోకుండా, ఛార్జి 70 శాతం కిందకి దిగితే చాలు, ఆగిపొమ్మని దీని అర్థం. మాస్టారి దగ్గర కొత్త బ్యాటరీతో అది తొమ్మిది పది నిమిషాలకి పడింది. రెడీమేడ్ నాస్‌లో ఇదే పని యూపీఎస్ పేజీలో నిమిషాల లెక్కన ఉంటుంది. “బ్యాటరీ తగ్గేదాకా” అన్నది తీసేసి అయిదు నిమిషాలు పెట్టండి.

చివరి రెండు వరసలు ఎందుకంటే, నాస్ బుద్ధిగా ఆగిపోయాక యూపీఎస్ ఇంకా కరెంటు ఇస్తూనే ఉంటుంది. ఈలోగా లైను వచ్చేసిందనుకోండి, నాస్ వైపు నుంచి చూస్తే కరెంటు పోనేలేదు. పోనిదానికి “కరెంటు వచ్చాక ఆన్ అవ్వు” అన్న బయోస్ సెట్టింగు పనిచెయ్యదు. పొద్దున్న వచ్చి చూస్తే నాస్ పడుకునే ఉంటుంది. అందుకే డిస్కుల మీద రాయడం అంతా ముగిశాక, చివరి క్షణంలో నాస్ “అరవై సెకన్లలో అవుట్‌పుట్ కోసెయ్, కరెంటుంటే మళ్లీ ఇవ్వు” అని యూపీఎస్‌కి చెప్పి ఆగుతుంది. ఇది పనిచేస్తుందో లేదో గోడ స్విచ్ వేసే ఉంచి చూడొచ్చు:

```
upsmon -c fsd
```

నిజంగానే ఆపేస్తుంది, కాబట్టి కాపీలేవీ నడవనప్పుడు కొట్టండి. నాస్ ఆగాలి, నిమిషానికి యూపీఎస్ టక్కుమనాలి, కాసేపటికి రెండూ లేవాలి. మాస్టారి దగ్గర మొదటిసారి యూపీఎస్ టక్కుమనలేదు. nut.conf లో, ups.conf లో అన్నీ బాగానే ఉన్నాయి, upsmon.conf లో `POWERDOWNFLAG` వరస ముందు ఒక # మిగిలిపోయింది. అది తీశాక లేచింది.

తుఫాను రోజుల్లో ఇంకో సంగతి. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత నలిగిందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. అలాంటప్పుడు లైను వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. ఈ చిన్న బ్యాటరీ నిండడానికి ఆరేడు గంటలు పడుతుంది. నాస్ లేచిన పది నిమిషాలకి మళ్లీ కోత పడితే రెండో షట్‌డౌన్‌కి సరిపడా ఉండకపోవచ్చు. `upsrw ups@localhost` కొట్టినప్పుడు `battery.charge.restart` కనబడితే దాన్ని 80 చేయండి, అంత నిండేదాకా యూపీఎస్ నాస్‌కి కరెంటు ఇవ్వదు. కనబడకపోతే మాస్టారు చేసినట్టు, తుఫాను కబురు రాగానే బయోస్‌లో ఆటో ఆన్ తీసేసి, లైను కుదుటపడ్డాక చేత్తో వేసుకోవడమే.