ధర్మాన్ని ధర్మంగానే వదిలేస్తే చాలదు

“ధర్మం, కర్మ అనే పదాలను ఇంగ్లీషులోకి అనువదించడం మన సంస్కృతికి ద్రోహం. వీటికి ప్రపంచంలో ఏ భాషలోనూ సమానపదం లేదు. బ్రిటిష్ వాళ్లు వచ్చేవరకూ ఎవరూ వీటిని అనువదించే సాహసం చేయలేదు. పరిశోధనా పత్రంలో ఈ పదాలను ఉన్నవి ఉన్నట్టుగా, వాలు అక్షరాల్లో రాయండి, అర్థం చెక్కుచెదరదు. ధర్మాన్ని ‘రిలిజియన్’ అనడం పచ్చి తప్పు. ప్రతి విద్యార్థికీ చేరవేయండి.”

ఈ నెలలో ఇది నాకు ఆరుసార్లు వచ్చింది. పంపినవారిలో ఇద్దరు నాతో పాటు కడపలో శాసనాలు చదివినవారు. అందుకే ఊరుకోలేకపోతున్నాను.

బ్రిటిష్ వాళ్ల సంగతి ముందు తేల్చేస్తాను. గుత్తికి దగ్గరలో, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్న బండలను చూసినవారు మనలో చాలామందే ఉన్నారు. అక్కడ ప్రాకృతంలో ‘ధమ్మ’ అని చెక్కించిన ఆ రాజే అఫ్ఘానిస్తాన్‌లోని కాందహార్‌లో గ్రీకు, అరమాయిక్ భాషల్లో శాసనం వేయించాడు. అది 1958లో బయటపడింది. అందులో ధమ్మకు గ్రీకు మాట ‘యుసేబియా’. దేవతల పట్ల, పెద్దల పట్ల భక్తిశ్రద్ధలు అని దాని అర్థం. ధమ్మంలో ఉన్నదంతా ఆ మాటలో లేదు. అయినా తన ధమ్మం అక్కడి జనానికి చేరాలనుకున్న రాజు వాళ్ల మాటలోనే చెప్పించాడు. తర్వాత చైనా బౌద్ధులు ధర్మానికి ‘ఫా’ అనీ, కర్మకు ‘యే’ అనీ తమ మాటలే వాడారు. ఇదంతా ఈస్టిండియా కంపెనీ పుట్టడానికి ఎన్నో వందల ఏళ్ల ముందు. ఈ అంశం మీద ఇంతకంటే చెప్పవలసింది లేదు.

వాలు అక్షరాలు ముద్రణ మర్యాద మాత్రమే. ఈ మాట పరాయి భాషది అని అవి చెబుతాయి, ఏ అర్థంలో వాడారో చెప్పవు.

అసలు హాని ‘ఉన్నది ఉన్నట్టుగా రాస్తే అర్థం చెక్కుచెదరదు’ అన్న వాక్యంలో ఉంది. ఈ సలహా పాటించిన ఒక విద్యార్థిని పత్రం నా చేతుల మీదుగా వెళ్లింది. విషయం విజయనగర కాలపు భూదాన శాసనాలు. అలాంటి శాసనాల చివర తరచుగా కనిపించే శ్లోకమే ఆమె అనువదించిన వాటిలోనూ ఉంది: “యే పాలయంతి మమ ధర్మమిమం సమస్తం, తేషాం మయా విరచితోఽంజలిరేష మూర్ధ్ని”. ఆమె ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగులో చెబితే ఇంత: “నా ఈ ధర్మాన్ని అంతటినీ పాలించేవారికి తలపై చేతులు జోడించి నమస్కరిస్తున్నాను.” ‘ధర్మ’ అనే మాటను ముట్టుకోలేదు. సమీక్షకుడు వెనక్కి పంపుతూ ఒకటే అడిగాడు: విశ్వమంతటికీ చెందిన ధర్మాన్ని ఒక రాజు ‘నాది’ అని ఎలా అంటాడు? ఇది రాజు తనను దేవుడిగా చెప్పుకోవడమా? తన ముందున్న వాక్యాన్ని బట్టి చూస్తే ఆయన అలా అడగడంలో తప్పేమీ లేదు. పత్రం వాదనంతా అక్కడ పక్కదారి పట్టింది.

ఆ శ్లోకంలో ధర్మం అంటే దానంగా ఇచ్చిన ఆ భూమీ, ఆ ఏర్పాటూ. మన దేవాదాయ ధర్మాదాయ శాఖ పేరులో ఉన్న ధర్మమే అది. ఇంగ్లీషులో ఎండోమెంట్ అంటే సరిగ్గా అదే. గుడి ‘ధర్మకర్త’ను ఇంగ్లీషులో ట్రస్టీ అని రోజూ అంటున్నవాళ్లం, శాసనం దగ్గరకు వచ్చేసరికి ఎందుకు మరిచిపోతాం?

ఇది నా ఊహ కాదనడానికి సాక్ష్యం అలాంటి శాసనాల్లోనే దొరుకుతుంది. ఆ చివరి శ్లోకాల మధ్యే చాలాచోట్ల “దానపాలనయోర్మధ్యే దానాచ్ఛ్రేయోఽనుపాలనమ్” అని ఉంటుంది. ఇవ్వడం, కాపాడడం అనే రెండింటిలో ఇచ్చినదాన్ని కాపాడడమే మేలు అని. అంటే అక్కడ ‘పాలన’కు గురయ్యేది దానమే. “యే పాలయంతి” అన్న క్రియ ఏ వస్తువును పట్టుకుందో దీనితో తెలిసిపోతుంది. ‘ఇమం’, అంటే ‘ఈ’, అన్న మాట కూడా పైన హద్దులతో సహా చెప్పిన దానాన్నే చూపిస్తోంది. తెలుగు శాసనాల్లో “ఈ ధర్మానకు తప్పినవారు” అని శాపం మొదలైనప్పుడూ ఇదే లెక్క.

నేను విద్యార్థులతో చేయించే పని ఇది. పత్రంలో ఆ పదం వచ్చిన ప్రతి వాక్యాన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయాలి. ప్రతిదాని పక్కన మూడు ప్రశ్నలు: ఈ ధర్మం ఎవరిది, దాని మీద పనిచేస్తున్న క్రియ ఏది, ముందువెనుకల వాక్యాల్లో దేని గురించి మాట్లాడుతున్నారు. జవాబులను బట్టి వాక్యాలు గుంపులుగా విడిపోతాయి. ఒక్కో గుంపుకు ఒక్కో ఇంగ్లీషు మాట ఎంచుకుని, ఆ అర్థం మొదటిసారి వచ్చినచోట పక్కనే మూలపదం ఇవ్వాలి. తర్వాత ఎంచుకున్న మాటను మళ్లీ ప్రతి వాక్యంలో పెట్టి చదవాలి. ఎక్కడైనా క్రియకూ ఆ మాటకూ పొసగకపోతే ఆ వాక్యం వేరే గుంపుది. ఆ విద్యార్థిని శ్లోకంలో ‘డ్యూటీ’ పెట్టి చూడండి, ‘నా ఈ కర్తవ్యమంతటినీ పాలించేవారికి’ అని వస్తుంది, నిలవదు. ‘ఎండోమెంట్’ పెడితే నిలుస్తుంది. ఆ మాటలో పుణ్యం అనే పొర జారిపోతుంది, నిజమే. దానికి ఒక్క వాక్యం అధోజ్ఞాపిక చాలు.

కర్మ విషయంలో ఈ సలహా ఇంకా ప్రమాదం. ఆ మాటను ఇంగ్లీషు ఎప్పుడో సొంతం చేసుకుంది. వాళ్ల నిఘంటువుల్లో ఉంది, ‘చేసిన పాపం తిరిగి తగలడం’ అన్న తేలిక అర్థంతో జనం నోట్లో ఉంది. మీరు విడిచిపెట్టిన ‘కర్మ’ను పాఠకుడు ఆ అర్థంతోనే నింపుకుంటాడు. మీరు తర్కసంగ్రహం గురించి రాస్తుంటే అక్కడ “చలనాత్మకం కర్మ”, అంటే కదలిక. వ్యాకరణం గురించైతే కర్త, కర్మ, క్రియలలోని కర్మ. మీమాంసలో యజ్ఞక్రియ. జైనంలో ఆత్మకు అంటుకునే సూక్ష్మమైన పదార్థం. మన ఇంట్లో పెద్దకర్మ వేరు, ‘నా కర్మ’ అని తల కొట్టుకోవడం వేరు. ఇన్ని తేడాలు పుట్టుకతో తెలిసినవాళ్లం, ఇంగ్లీషు పాఠకుడికి మాత్రం ఒకే ముద్దగా అందిస్తామా? అర్థాన్ని చదును చేసేది అనువాదమే కాదు, ఈ మౌనం కూడా. ఇది ఆరుగురికీ విడివిడిగా చెప్పాను, ఏడోసారి చెప్పే ఓపిక లేదు.

‘రిలిజియన్’ తప్పన్న మాట ఈ శాసనాల వరకు ఒప్పుకుంటాను. కానీ మతం అనే అర్థంలోనే ధర్మం అని రాసే నేటి తెలుగు రచనను అనువదిస్తున్నప్పుడు అదే సరైన మాట.

ఇక ఒక విషయంలో ఆ సందేశం రాసినవారే నాకంటే సరి. అవే శాసనాల చివర “సామాన్యోఽయం ధర్మసేతుర్నృపాణాం, కాలే కాలే పాలనీయో భవద్భిః” అన్న శ్లోకం కూడా వస్తుంది. ఈ ధర్మసేతువు రాజులందరికీ ఉమ్మడిది, కాలకాలానికీ మీరు కాపాడాలి అని. ఇక్కడ ధర్మం అంటే ఆ దానమా, రాజధర్మమా, లోకాన్ని నిలిపే ధర్మమా? ‘ఈ’ అన్న మాట దానాన్ని చూపిస్తోంది, ‘రాజులందరికీ’ అన్న మాట రాజధర్మాన్ని చూపిస్తోంది, సేతువు రెండింటినీ కలుపుతోంది. చాలా ఏళ్లుగా నేను ఇక్కడ ఒక్క ఇంగ్లీషు మాట ఎంచుకోమని పట్టుబట్టాను. అది తప్పు. ఈ వాక్యం బలమంతా అర్థాలు విడిపోకపోవడంలోనే ఉంది. ఇక్కడ ‘ధర్మ’ అనే ఉంచి, మూడు అర్థాలూ కింద వివరించమని ఆ విద్యార్థినికి చెప్పాను. పై శ్లోకంలో ఎండోమెంట్, ఈ శ్లోకంలో ధర్మ. సవరించిన పత్రంలో రెండూ ఒకే పుటలో ఉన్నాయి.