మా బావ వయసు 48 కాదట, 64 అట!

మా మేనత్త కొడుకు వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపాడు. మొత్తం 14 పేజీలు. మొదటి పేజీ నిండా సూర్యోదయం ఫొటో. రెండో పేజీలో కారు స్పీడోమీటర్ లాంటి బొమ్మ, దాని ముల్లు ఎర్ర రంగులోకి వాలిపోయి ఉంది. కింద లావుపాటి అక్షరాలతో "మీ క్యాలెండర్ వయసు 48, మీ టెలోమీర్ వయసు 64" అని రాశారు. ఫోన్ చేస్తే మనిషి డీలా పడిపోయి ఉన్నాడు. "ఒరేయ్, నేను గవర్నమెంటు ఉద్యోగినైతే ఈపాటికి రిటైరై రెండేళ్లయ్యేదిరా" అన్నాడు. నవ్వాలో ఓదార్చాలో తెలియలేదు. అక్క అయితే అప్పటికే ఇన్సూరెన్స్ కాగితాలన్నీ బయటికి తీసిందట.

నేను డిగ్రీ పిల్లలకు జువాలజీ చెప్తాను. టెలోమీర్ మీద ఏటా ఒక క్లాసు ఉంటుంది. ఆ పీడీఎఫ్ చదివాక ఒళ్లు మండి ఈ పోస్టు రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

టెలోమీర్ అంటే క్రోమోజోమ్ కొస. షూ లేసు చివర ప్లాస్టిక్ తొడుగు ఉంటుందే, అలాంటిదని పిల్లలకు చెప్తాం. అందులో TTAGGG అనే ఆరు డీఎన్ఏ అక్షరాల ముక్క వేల సార్లు రిపీట్ అవుతుంది. కణం చీలినప్పుడల్లా ఈ కొస కొద్దిగా అరిగిపోతుంది. దీని పరిశోధనకే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు 2009లో నోబెల్ వచ్చింది. వయసు పెరిగేకొద్దీ మన తెల్ల రక్తకణాల్లో టెలోమీర్లు సగటున కురచవుతాయన్నది పచ్చి నిజం, దాంతో నాకు పేచీ లేదు. ఆ "సగటున" అన్న మాటను మింగేసి మనిషి మనిషికీ ఒక వయసు అంటగట్టే వ్యాపారంతోనే నా గొడవ.

బావ రిపోర్టునే లెక్క వేసి చూద్దాం. టెలోమీర్ పొడవు 6,500 అక్షరాలు అని ఇచ్చారు. 48 ఏళ్లవాళ్ల సగటు 6,900 అని పక్కనే గ్రాఫులో ఉంది. అంటే బావకు 400 తక్కువ. పెద్దవాళ్లలో ఏడాదికి సగటున ఓ 25 అక్షరాలు అరుగుతాయి. 400ని 25తో భాగిస్తే 16. నలభై ఎనిమిదికి పదహారు కలిపితే అరవై నాలుగు. అయిపోయింది! బావ పోసిన వేల రూపాయలకు ల్యాబువాళ్లు చేసిపెట్టింది ఈ ఒక్క భాగహారం.

ఆ గ్రాఫులో వాళ్లు వెయ్యని గీత ఒకటుంది. ఒకే వయసున్న ఆరోగ్యవంతుల మధ్య టెలోమీర్ పొడవు ఎంత తేడాగా ఉంటుంది అన్నది. మంచి పద్ధతిలో కొలిచినా ఆ స్టాండర్డ్ డీవియేషన్, అంటే సగటుకు అటూ ఇటూ మామూలుగా ఉండే తేడా, సుమారు 650 అక్షరాలు ఉంటుంది. దీన్ని కూడా 25తో భాగించండి. 26 ఏళ్లు! అంటే ఏ జబ్బూ లేని వంద మంది 48 ఏళ్లవాళ్లను పిలిచి ఈ పరీక్షే చేయిస్తే, అందులో ఓ పదహారు మందికి "మీ వయసు 22 కంటే తక్కువ" అని వస్తుంది. ఇంకో పదహారు మందికి 74 దాటిందని వస్తుంది. బట్టతల వచ్చి, మోకాలు పట్టేసిన పెద్దమనిషికి ఇంకా డిగ్రీ సెకండియరే అన్నమాట. మరి మా బావ సంగతి? ఆ వందలో ఓ 27 మంది ఆయన కంటే కురచ టెలోమీర్లతో తిరుగుతుంటారు. క్లాసులో వంద మంది ఉంటే కింది నుంచి 28వ ర్యాంకు. దీనికి ఇన్సూరెన్స్ కాగితాలు బయటికి తీయాలా?

ఇంత తేడా ఎక్కడిది? అందరూ అనుకునేది టెన్షన్, సిగరెట్, నిద్ర లేకపోవడం అని. వాటి పాత్ర కొంత ఉంది, కానీ చిన్నది. అసలు తేడా తల్లి కడుపులోంచే వస్తుంది. బొడ్డుతాడు రక్తంలో కొలిచి చూశారు. అప్పుడే పుట్టిన పిల్లల సగటు పొడవు సుమారు 9,500, కానీ పిల్లకూ పిల్లకూ మధ్య తేడా పెద్దవాళ్లలో ఉన్నంతా ఉంది. చిన్నతనంలో అందరికీ వేగంగా అరిగి, పెద్దయ్యాక ఆ అరుగుదల నెమ్మదిస్తుంది. కురచగా పుట్టినవాళ్లు చాలామంది కురచ వరుసలోనే ఉండిపోతారు, పొడుగ్గా పుట్టినవాళ్లు పొడుగు వరుసలోనే.

ఎవరింటికో వెళ్లి వంటగదిలో బియ్యం డ్రమ్ములోకి తొంగి చూశారనుకోండి. అడుగున పది కేజీలున్నాయి. బియ్యం తెచ్చి ఎన్నాళ్లయిందో చెప్పగలరా? వాళ్లు తెచ్చింది పాతిక కేజీల బస్తానో, క్వింటాలో తెలియకుండా ఎలా చెప్తారు? బావ డ్రమ్ము ఎంత నిండి మొదలైందో ఎవరికీ తెలియదు. పుట్టినప్పుడు రక్తం తీసి ఎవరూ దాచలేదు కదా.

ఆ డ్రమ్ము నింపడంలో తండ్రి వయసుకు కూడా వాటా ఉంది. వినడానికి వింతగానే ఉంటుంది. తండ్రి వయసు ఎక్కువైనకొద్దీ పుట్టే పిల్లల టెలోమీర్లు సగటున కాస్త పొడుగ్గా ఉంటాయి, ఏడాదికి సుమారు 15 అక్షరాల చొప్పున. వయసుతోపాటు వీర్యకణాల్లో టెలోమీర్లు తగ్గకుండా పెరగడమే దీనికి కారణం. మా మావయ్యకు 21 ఏళ్లప్పుడు బావ పుట్టాడు, 31 ఏళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. సగటు లెక్క ఈ ఇంటికి పట్టిందనుకుంటే తమ్ముడికి పుట్టుకతోనే 150 అక్షరాలు అదనం. ల్యాబు భాగహారంలో అది ఆరేళ్లు. తమ్ముడు ఏ యోగా చేయకుండానే ఆరేళ్లు చిన్నవాడైపోతాడు. వాడు రోజుకు పెట్టె సిగరెట్లు కాలుస్తాడని ఇక్కడ చెప్పకూడదు గానీ, చెప్పేశాను.

ఇక కొలత సంగతి. ఇలాంటి పరీక్షలు ఎక్కువగా పీసీఆర్‌తో చేస్తారు. 2002లో రిచర్డ్ కాథన్ చెప్పిన పద్ధతి ఇది. చవక, రక్తం కొంచెం చాలు, ఒక్క రోజులో వందల శాంపిళ్లు నడపొచ్చు. కాకపోతే ఇది టెలోమీర్ పొడవును నేరుగా కొలవదు. టెలోమీర్ డీఎన్ఏ ఎంతుంది, పోల్చుకోవడానికి పెట్టుకున్న ఇంకో జీన్ ఎంతుంది అని చూసి, ఆ రెంటి నిష్పత్తి ఇస్తుంది. దాన్ని ఇంకో లెక్కతో అక్షరాల్లోకి మారుస్తారు. డీఎన్ఏ తీసిన విధానం మారినా, ప్లేటు మారినా అంకె కదులుతుంది. బాగా చేసే ల్యాబులో కూడా అదే రక్తాన్ని మళ్లీ కొలిస్తే 5 శాతం అటూ ఇటూ రావడం మామూలే. 6,500లో 5 శాతం అంటే 325. మళ్లీ 25తో భాగించండి, పదమూడేళ్లు. బియ్యం బస్తాలు తూచే కాటా మీద ఉంగరం పెట్టి "అరగ్రాము తరుగుంది" అన్నట్టుంటుంది. సదరన్ బ్లాట్ అనే పాత పద్ధతి ఇంతకంటే నికరం, తప్పు 2 శాతం లోపే. కానీ దానికి రక్తం ఎక్కువ కావాలి, రోజులు పడుతుంది. ఈ వ్యాపారానికి అది కుదరదు.

పైగా కొలిచేది రక్తంలో దొరికే రకరకాల తెల్లకణాల మిశ్రమం. ఒక్కో రకం కణానికి ఒక్కో పొడవు. ఈమధ్యే జ్వరమొచ్చి తగ్గితే ఆ మిశ్రమం మారిపోతుంది. కణాలేవీ అరగకపోయినా సగటు కదిలినట్టు కనిపిస్తుంది.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది. రిపోర్టు చివరి పేజీలో క్యాప్సూల్స్ ప్రకటన ఉంది. బావ ఆరు నెలలు మింగాడు. మళ్లీ పరీక్ష చేయించాడు. ఈసారి 6,800 అని వచ్చింది. టెలోమీర్ వయసు 52! పన్నెండేళ్లు తగ్గిపోయాడు. ఫ్యామిలీ గ్రూపులో ఒకటే చప్పట్లు, దండాలు. ఆ క్యాప్సూల్స్ ఎక్కడ దొరుకుతాయని పెద్దమ్మ కూడా అడిగింది.

ఆరు నెలల్లో నిజంగా అరిగేది పన్నెండు పదమూడు అక్షరాలు. కొలతలో వచ్చే తప్పు మూడొందల పైన. వచ్చిన మార్పు 300. నీళ్లు తాగి ఉన్నా ఇదే జరిగి ఉండొచ్చు. ఇంకో కిటుకు కూడా ఉంది. మొదటిసారి బాగా తక్కువ వచ్చినవాళ్లే భయపడి మందులు కొంటారు. తక్కువ రావడంలో కొంత భాగం కొలత తప్పే కాబట్టి, రెండోసారి కొలిస్తే చాలామందికి సగటు వైపు జరిగి వస్తుంది. మందు అమ్మేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పరిశోధనల్లో కూడా కొందరి టెలోమీర్లు ఏళ్ల తర్వాత "పెరిగినట్టు" కనిపించాయి. గట్టిగా చూస్తే అందులో చాలావరకు కొలత తప్పేనని 2013లోనే తేల్చారు.

ఇక్కడ ఒక లెక్చరర్ మిత్రుడు అడ్డుపడ్డాడు. "వేల మంది మీద చేసిన పరిశోధనలు అబద్ధమా?" అని. కాదు సార్. వెయ్యి మంది సగటు తీస్తే ఆ 650 తేడా వెయ్యికి వర్గమూలంతో భాగించబడి సుమారు 20 అక్షరాలకు దిగుతుంది. అంటే ఏడాది కంటే తక్కువ. అందుకే గుంపుల మధ్య తేడా చక్కగా కనబడుతుంది. అదే గీతను ఒక్క మనిషికి పెడితే 26 ఏళ్లు ఊగుతుంది. 20 నుంచి 80 ఏళ్ల మధ్యవాళ్లను కలిపి నిలబెట్టి, కళ్లు మూసుకుని అందరికీ "50" అని చెప్పండి. మీ తప్పు సుమారుగా 17 ఏళ్లు. రెండు విషయాలు ఎంత గట్టిగా ముడిపడి ఉన్నాయో చెప్పే అంకెను సహసంబంధం అంటారు, పూర్తిగా ముడిపడితే అది 1. టెలోమీర్‌కూ వయసుకూ సహసంబంధం చాలా పరిశోధనల్లో 0.3 దగ్గరే ఉంది. నేను ఉదారంగా 0.5 ఇస్తాను. అప్పుడు కూడా తప్పు 17 నుంచి 15కి తగ్గుతుంది. అంతే. ఇంతకంటే మా వీధి కిరాణా కొట్టతను మొహం చూసి బాగా చెప్తాడు. పోలికకు చెప్తున్నా, డీఎన్ఏ మీద అంటుకునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు చూసి వయసు చెప్పే పద్ధతిని 2013లో స్టీవ్ హోర్వాత్ ఇచ్చాడు. దాని తప్పు నాలుగేళ్ల లోపే. దాని గొడవలు దానికున్నాయి, అవి ఇంకోసారి.

టెలోమీర్ కొలతతో నిజంగా పనిపడే చోటు లేకపోలేదు. మూలుగలో రక్తం తయారవడం ఆగిపోయిన పిల్లల్లో, ఊపిరితిత్తులు గట్టిపడిపోయే కుటుంబాల్లో డాక్టర్లు ఫ్లో ఫిష్ అనే పద్ధతిలో చూస్తారు. తన వయసువాళ్లు వంద మందిలో అందరికంటే అట్టడుగున ఉంటే అది జన్యులోపానికి గుర్తు. దాన్నిబట్టి మూలుగ మార్పిడిలో మందుల మోతాదు తగ్గిస్తారు, దాతగా వచ్చిన తోబుట్టువులను కూడా పరీక్షిస్తారు. అక్కడ అడిగే ప్రశ్న "ఇది మరీ విపరీతమా?" అని. వయసెంత అని అక్కడ ఎవరూ అడగరు. అట్లాగని పొడుగ్గా ఉంటే పండగ చేసుకోవాల్సిన పనీ లేదు. POT1 జీన్‌లో మార్పుతో మరీ పొడుగు టెలోమీర్లు వచ్చిన కుటుంబాల్లో రకరకాల కణితులు ఎక్కువ. నాసా వ్యోమగామి స్కాట్ కెల్లీకి అంతరిక్షంలో ఉన్న 340 రోజుల్లో టెలోమీర్లు పొడుగయ్యాయి, నేల మీదికి దిగాక చకచకా తగ్గిపోయాయి. ఆయన అక్కడ కుర్రాడైపోయి, ఇక్కడికొచ్చి ముసలాడయ్యాడా?

ఇదంతా బావకు ఫోన్లో గంటసేపు చెప్పాను. అంతా విని, "మరి రక్తం చూసి వయసు చెప్పేవాళ్లు ఫారంలో నా పుట్టినతేదీ ఎందుకు అడిగార్రా?" అన్నాడు. గ్రాఫులో సగటు గీత మీద ఎక్కడ నిలబెట్టాలో తెలియాలి కదా, అందుకే అడిగారన్నాను. ఆయన టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్న 1976 జూన్ తేదీ ఇచ్చాడట. పక్కనే ఉన్న మేనత్త ఫోన్ లాక్కుంది. "జూన్ ఏంట్రా, అది బళ్లో మాస్టారు వేసిన తేదీ. వీడు పుట్టింది దివిసీమ ఉప్పెన వచ్చిన మర్నాటి వారం. ఊరంతా నీళ్లు, మంత్రసానిని తాటిదోనె మీద తెచ్చారు." ఉప్పెన వచ్చింది 1977 నవంబర్ 19న. అంటే ఆ రిపోర్టు వచ్చేనాటికి బావకు 48 కూడా లేవు. అప్పటికింకా నలభై ఏడే.